లైకులు ముందు, వ్యూస్ వెనుక

పెద్ద సినిమా ట్రైలర్ యూట్యూబ్‌లోకి వచ్చిన తొలి నిమిషాల్లో, దాని కింద వ్యూస్ కన్నా లైకులే ఎక్కువ కనిపించడం కొత్తేమీ కాదు. చూడకుండానే లైక్ కొట్టారా అని కొందరు, వ్యూస్ తొక్కిపెడుతున్నారని అభిమానులు వాదులాడుకుంటారు. నిజానికి ఈ రెండు అంకెలూ లెక్కకొచ్చే దారులే వేరు.

లైక్ కొట్టాలంటే ఖాతాతో లోపలికి రావాలి. ఒక ఖాతాకు ఒక వీడియో మీద ఒకే లైక్. కాబట్టి దాన్ని లెక్కించడం తేలిక. వ్యూ సంగతి అలా కాదు. ఖాతా లేనివారూ చూస్తారు, ఒకే మనిషి పదిసార్లు చూస్తాడు, మనుషులే లేకుండా ప్రోగ్రాములు వీడియోను తిప్పుతుంటాయి. అందుకే ప్రతి వ్యూ నిజమైనదా కాదా అన్న తనిఖీ జరుగుతుంది. 2015 ఆగస్టు వరకు ఈ తనిఖీ అందరికీ కనిపించేది. మూడువందలు దాటగానే వీడియో అంకె 301 దగ్గర ఆగిపోయి, గంటల తర్వాత ఒక్కసారిగా వేలల్లోకి దూకేది. ఆ తర్వాత పద్ధతి మార్చారు. నమ్మకమైన వ్యూస్‌ను త్వరగా కలుపుతారు, అనుమానం ఉన్నవాటినే ఆపి చూస్తారు. దొంగ వ్యూస్ అని తేలితే తర్వాత తీసేస్తారు కూడా. చూపించిన అంకె ఒక్కోసారి తగ్గడానికి కారణం అదే.

కామెంట్లలో చిక్కు ఇంకోలా ఉంటుంది. స్పామ్ అన్న అనుమానంతో ఆపినవి, ఛానెల్ యజమాని ఆమోదం కోసం ఎదురుచూసేవి, తొలగించినవి ఉంటాయి కనుక అంకెకూ కింద కనిపించే వరుసకూ పొంతన కుదరదు.

ఇక యూట్యూబ్ స్టూడియోలోని అనలిటిక్స్. అక్కడ గత 48 గంటల, గత 60 నిమిషాల వ్యూస్ చూపే రియల్‌టైమ్ భాగం అంచనా మాత్రమే. రోజువారీ నివేదిక సరిచూసిన లెక్క, అది తేలడానికి రెండు రోజుల దాకా పడుతుంది. పైగా ఆ నివేదికలో రోజు మారేది అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం. జూన్ 10 ఉదయం 10 గంటలకు హైదరాబాద్‌లో వీడియో పెడితే, పసిఫిక్ తీరంలో అప్పటికింకా జూన్ 9 రాత్రి తొమ్మిదిన్నరే. మన మధ్యాహ్నం పన్నెండున్నర దాకా, అంటే తొలి రెండున్నర గంటల్లో, వచ్చిన వ్యూస్ అన్నీ జూన్ 9 ఖాతాలో పడతాయి. చలికాలంలో అక్కడ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ గీత మనకు ఒంటిగంటన్నరకు జరుగుతుంది.

అందుచేత తొలిరోజు వ్యూస్ మీద ఏ తీర్పూ చెప్పకూడదు. మూడు రోజులు ఆగి, రోజువారీ నివేదికలోని మొదటి రెండు తేదీలను కలిపి చూడాలి.