బండి ఆగుతోంది, దూరం పెరుగుతోంది

మెట్రో రైలు ఒక స్టేషన్లో బయల్దేరి తర్వాతి స్టేషన్లో ఆగింది అనుకుందాం. అడ్డు గీత మీద కాలాన్ని, నిలువు గీత మీద వేగాన్ని గుర్తించి దాని ప్రయాణాన్ని గ్రాఫుగా గీశాం. మొదటి 20 సెకన్లలో వేగం సున్నా నుంచి సెకనుకు 20 మీటర్లకు చేరింది. 50వ సెకను వరకూ అదే వేగం. అప్పుడు బ్రేకు పడింది. గీత ఏటవాలుగా దిగి 70వ సెకనుకు సున్నాను తాకింది. బ్రేకు పడ్డాక రైలు ఎంత దూరం వెళ్లింది?

ఇచ్చిన జవాబులు నాలుగు: 1 మీటరు, 20 మీటర్లు, 200 మీటర్లు, 400 మీటర్లు.

లెక్క రాని పిల్లలు తప్పు పెడితే ఆశ్చర్యం లేదు. కానీ లెక్క చక్కగా చేసి కూడా మొదటి జవాబు పెట్టేవాళ్లుంటారు. వాళ్లు చేసింది ఇదీ: 20 సెకన్లలో వేగం 20 తగ్గింది, 20ని 20తో భాగిస్తే 1. భాగహారంలో తప్పేమీ లేదు. అయితే వచ్చిన 1 గీత వాలు. వేగం ప్రతి సెకనుకూ ఎంత తగ్గుతోందో చెప్పే అంకె అది, అంటే రుణత్వరణం. అడిగిందేమో దూరం. దూరం గీత వాలులో లేదు, గీతకూ కాలం అక్షానికీ మధ్య చిక్కుకున్న త్రిభుజంలో ఉంది. ఆ త్రిభుజం వైశాల్యం 20ని 20తో గుణించి సగం చేస్తే వస్తుంది: 200 మీటర్లు.

ప్రశ్న తయారుచేసేవాళ్లు ఆ 1ని ఊరికే పెట్టలేదు. గీత మొదలైన ఎత్తునే దూరం అనుకునేవాళ్ల కోసం 20. వేగాన్ని కాలంతో గుణించి, ఆ వేగం అంతటా అంతే ఉండలేదన్న సంగతి మరిచేవాళ్ల కోసం 400. వాలుకూ వైశాల్యానికీ తేడా పోగొట్టుకునేవాళ్ల కోసం 1. ఈఏపీసెట్ లాంటి పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం కాస్త దాటుతుందంతే. ఆ తొందరలో తనకొచ్చిన అంకె జవాబుల్లో కనిపిస్తే విద్యార్థికి అదే రుజువులా తోస్తుంది. పైగా 1 పక్కన మీటరు అని అచ్చేసి ఉంటుంది. తాను చేసిన భాగహారంలో నిజంగా వచ్చేది మీటర్లు కాదని, సెకను వర్గానికి మీటర్లని చూసుకునే అవకాశాన్ని ఆ ఒక్క మాట మింగేస్తుంది.

ఇది మన పిల్లలకే ఉన్న ఇబ్బంది కాదు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ బైక్నర్ చలనం గ్రాఫులను ఎలా చదువుతున్నారో తేల్చడానికి 21 ప్రశ్నల పరీక్ష తయారుచేసి, ఫలితాలను 1994లో ప్రచురించారు. హైస్కూలు, కాలేజీ విద్యార్థులు వైశాల్యం కట్టాల్సిన చోట వాలు కట్టడం, లేదా అక్షం మీది విలువనే జవాబుగా దించేయడం అందులో స్పష్టంగా బయటపడింది.

ఎందుకిలా జరుగుతుంది? రెండు లెక్కలకూ గ్రాఫులోంచి ఏరుకునే అంకెలు ఒకటే. ఒకచోట భాగిస్తాం, ఇంకోచోట గుణిస్తాం. పైగా చలనం పాఠంలో పిల్లలు ముందు చూసేది దూరం-కాలం గ్రాఫు. అక్కడ వాలు చూస్తే వేగం తెలిసిపోతుంది, వైశాల్యంతో పనే పడదు. గ్రాఫు అనగానే వాలు కట్టాలన్న అలవాటు అక్కడే పడి, నిలువు అక్షం మీద పేరు మారినా చేతిని వదలదు. వాలు సూత్రం ఇది, వైశాల్యం సూత్రం ఇది అని రెండూ బట్టీ పట్టించడం దీనికి మందు కాదని నా గట్టి నమ్మకం. వైశాల్యం దూరం ఎలా అవుతుందో ఒక్కసారి కళ్లారా చూడాలి.

రైలుకు బ్రేకు పడ్డ ఆ 20 సెకన్లనూ ఒక్కో సెకను వెడల్పున్న నిలువు ముక్కలుగా కోద్దాం. మొదటి సెకనులో వేగం 20 నుంచి 19కి దిగింది, సగటున 19.5. కాబట్టి ఆ సెకనులో రైలు 19.5 మీటర్లు నడిచింది. తర్వాతి సెకనులో 18.5, ఆ తర్వాత 17.5. చిట్టచివరి సెకనులో అర మీటరు. ఈ ఇరవై ముక్కలనూ కలిపితే సరిగ్గా 200. ఒక్కో ముక్క వైశాల్యం ఆ సెకనులో నడిచిన దూరం. అన్నీ చేరితే త్రిభుజం. ఇదే 20 సెకన్లలో వాలు సంగతి చూడండి. మొదటి సెకనులోనూ 1, పదో సెకనులోనూ 1, చివరి సెకనులోనూ 1. దూరం ముక్క ముక్కకూ తరిగిపోతుంటే వాలు కదలకుండా కూర్చుంది. ఒకటి ఇంకొకటి కాలేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా పరిచి దూరాన్ని వైశాల్యంగా చూడడం 14వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు నికోల్ ఒరెమ్ చేసిన పని. పడిపోతున్న వస్తువుల గురించి 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో వాడిందీ ఇలాంటి త్రిభుజాన్నే.

దిగే గీత ఇంకో భ్రమ కూడా కలిగిస్తుంది: రైలు వెనక్కి వస్తోందని. గీత అక్షానికి పైన ఉన్నంతసేపూ రైలు ముందుకే వెళ్తోంది, నెమ్మదిస్తూ వెళ్తోంది అంతే. గీత సున్నా దాటి కిందికి దిగితేనే వెనక్కి నడక. అప్పుడు కింది వైశాల్యాన్ని పైదాంట్లోంచి తీసేస్తే స్థానభ్రంశం, రెండూ కలిపితే నడిచిన మొత్తం దూరం.

అచ్చులో కొన్నిసార్లు నిలువు అక్షం సున్నా దగ్గర కాక 10 దగ్గర మొదలవుతుంది. వాలుకు దీనితో పనిలేదు, ఎందుకంటే అది తేడాలను మాత్రమే చూస్తుంది. వైశాల్యానికి మాత్రం అడుగున కనిపించని దీర్ఘచతురస్రాన్ని కూడా చేర్చుకోవాలి. లేకపోతే బ్రేకు పడకముందు మన రైలు 30 సెకన్లలో నడిచిన 600 మీటర్లు, బొమ్మలో 300గా కనిపిస్తాయి.

ఒకే పటంలో రెండు గీతలుంటే చిక్కు మరింత పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఒక బైకు ఆగి ఉంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తున్న ఆటో దాన్ని దాటిన క్షణంలోనే బైకు బయల్దేరింది, త్వరణం 2. ఆటో గీత అడ్డంగా ఉంటుంది, బైకు గీత సున్నా నుంచి ఎక్కుతుంది. 5వ సెకనులో రెండూ ఖండించుకుంటాయి. బైకు ఆటోను అక్కడే అందుకుందని చాలామంది రాసేస్తారు. ఆ బిందువు దగ్గర సమానమైనవి వేగాలు మాత్రమే. వైశాల్యాలు కడితే ఆటో 50 మీటర్లు పోయింది, బైకు 25. నిజానికి వాటి మధ్య ఎడం అత్యధికంగా ఉన్న క్షణం అదే. అప్పటిదాకా ఆటో వేగం ఎక్కువ కాబట్టి ఎడం పెరుగుతూ వచ్చింది, ఇకమీదట తగ్గడం మొదలవుతుంది. 10వ సెకనుకు ఆటో కింది దీర్ఘచతురస్రం 100, బైకు కింది త్రిభుజం 100. బైకు ఆటో పక్కకు చేరేది అప్పుడు, ఆటోకు రెట్టింపు వేగంతో.