అరవై ఫీట్ల కప్పుకు స్లాబా, ఇనుమా?

ఊర్లె గోదామో, ఫంక్షన్ హాలో కడ్తమంటె పెద్దమనుషులు ఒకటే మాట జెప్తరు: "రేకులెందుకురా, స్లాబు ఏసెయ్, నాలుగు తరాలు ఉంటది." ఇండ్లకు ఆ మాట నడుస్తది. నడుమ పిల్లర్ లేకుంట 60 ఫీట్ల వెడల్పు కప్పెయ్యాలంటె మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో లెక్కతోనే జెప్త.

60 ఫీట్ల వెడల్పు, 100 ఫీట్ల పొడుగు హాలు అనుకుందాం. ఐదు ఇంచుల స్లాబు ఒక్కటే 170 టన్నుల దాక తూగుతది. దాన్ని మొయ్యాలంటె బీములు నాలుగున్నర, ఐదు ఫీట్ల లోతు ఉండాలె. వాటి బరువు ఇంకో 140 టన్నులు. అంటె కప్పు బలమంత తన బరువు తాను మోసుకునుడుకే పోతది. అదే ఇనుప ఫ్రేము, పట్టీలు, రేకులు అన్నీ కలిపితె 17 టన్నులకు అటుఇటు.

అసలు మతలబు ఇంకోటుంది. ఆ స్లాబు, బీములల్ల పడే సలాకలే 12 నుంచి 15 టన్నులు. ఇనుము ఖర్చు తప్పిందనుకుంటరు గని దాదాపు అంతే ఇనుము కొని, పైకెల్లి సిమెంటు, కంకర, సెంట్రింగు ఖర్చు కూడ పెడ్తున్నరు. తేలిక కప్పుకు పునాది ఖర్చు కూడ తగ్గుతది.

ఇగ టైము. ఇంత పొడుగు బీము కింద సపోర్టులు మామూలు సిమెంటుకు కనీసం 21 రోజులు తియ్యొద్దని ఐఎస్ 456 జెప్తది. ఇనుమైతె ఇక్కడ పునాది గట్టిపడేలోపు అక్కడ వర్క్‌షాపుల ఫ్రేము తయారైతది. క్రేనుతోని నిలబెట్టుడు రోజుల పని.

అయితె తేలిక కప్పుకు గాలే శత్రువు. హైదరాబాద్ దిక్కు డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరుకు 118 కిలోల దాక వస్తది. కప్పు బరువేమో 30 కిలోలే. గాలి సగం బలంతోని పైకి లేపినా కప్పు ఆగది. ఒకదిక్కు గోడ లేని షెడ్డుకు ఇంకా ప్రమాదం, లోపలికెల్లి కూడ గాలి తంతది. అందుకే పునాది బోల్టులు, గాలికి ఏసే క్రాస్ రాడ్లు డ్రాయింగుల ఉన్నయో లేవో అడగాలె. "కిలోకింత" అని రేటు జెప్పి ఇవి ఎగ్గొట్టెటోళ్లు ఉంటరు.

మెయింటెనెన్సు ఇనుముకే ఎక్కువ. స్క్రూల కింద రబ్బరు వాషర్ ఎండి పగిలితె నీళ్లు కారుతయి, రంగు లేస్తె తుప్పు పడ్తది. గని ఆ తుప్పు కండ్లకు కనబడ్తది, గీకి రంగేస్తె ఆగుతది. స్లాబుల సలాక తుప్పు పట్టిందని తెలిసేది పెచ్చులూడినంకనే.

మీద ఇంకో అంతస్తు కావాల్నన్నా, 20 ఫీట్లకో పిల్లర్ ఉన్నా నడుస్తదన్నా స్లాబే మంచిది. పత్తి నింపే గోదామైతె మంటల సంగతి కూడ చూడాలె. 550 డిగ్రీల దగ్గర ఇనుము బలం దాదాపు సగానికి పడిపోతది.