టైల్ పగలకుండా టవల్ రాడ్ బిగించాలంటే

బాత్‌రూమ్ గోడకు అతికించిన సిరామిక్ టైల్‌లో రెండు పొరలుంటాయి. పైన మెరిసే గ్లేజు నిజానికి గాజే. పలుచగా ఉంటుంది, గట్టిది, కానీ పెళుసు. దాని వెనక ఉన్నది కాల్చిన మట్టి, కాస్త మెత్తన. బిట్ నిదానంగా అరగదీస్తే ఈ రెండూ తేలిగ్గానే లొంగుతాయి. దెబ్బకు మాత్రం తట్టుకోలేవు. డ్రిల్ మిషన్‌ను హ్యామర్ మీద పెట్టి నేరుగా టైల్ మీదికి తీసుకెళ్తే, బిట్ తిరుగుతూనే సెకనుకు వందల దెబ్బలు కొడుతుంది. పగుళ్లలో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

24 అంగుళాల రాడ్, రెండు చివర్ల రెండు బ్రాకెట్లు, ఒక్కోదానికి రెండు స్క్రూలు, వెనక ఇటుక గోడ ఉన్నాయనుకుందాం. ముందు చోటు చూసుకోవాలి. కుళాయికి, షవర్‌కు, గీజర్ పాయింటుకు నేరుగా పైనా కిందా పైపులు, వైర్లు దాగి ఉండొచ్చు గనక ఆ వరసలు వదిలేయాలి. టైల్ అంచుకు అంగుళం లోపల, ముఖ్యంగా మూలల్లో, రంధ్రం పెట్టకూడదు. తర్వాత రూపాయి బిళ్ళతో టైల్‌ను తట్టి వినాలి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగితే దాని వెనక సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. ఆధారం లేని ఆ చోట కొంచెం ఒత్తినా టైల్ విరుగుతుంది, కాబట్టి రాడ్‌ను పక్కకు జరపడమే మేలు.

గుర్తు పెట్టాల్సిన చోట మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. నున్నటి గ్లేజు మీద బిట్ జారకుండా టేపు పట్టు ఇస్తుంది. బల్లెం మొనలా కోసుగా ఉండే టైల్ బిట్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. గోడలో 6 మిల్లీమీటర్ల ప్లగ్ పెట్టాలంటే టైల్‌కు 8 మిల్లీమీటర్ల టైల్ బిట్ తీసుకోవడం మంచిది. ఆ తేడా ఎందుకో ముందు తెలుస్తుంది.

మిషన్‌లో హ్యామర్ ఆపేసి, వేగం బాగా తగ్గించి, బిట్‌ను గోడకు నిటారుగా ఆనించి మొదలుపెట్టాలి. మొదటి నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఓపిక చాలక అక్కడ బరువు వేస్తే పగులుతుంది. మధ్యమధ్య ఆపి, తడి స్పాంజితో బిట్‌ను చల్లార్చాలి. మిషన్ మీద నీళ్ళు మాత్రం పడకూడదు, కరెంటుతో పని.

ఎక్కడి దాకా వచ్చామో రంధ్రం నుంచి రాలే పొడే చెబుతుంది. గ్లేజు దాటాక టైల్ మట్టిని బట్టి తెల్లటి లేదా ఎర్రటి పొడి రాలుతుంది. అది బూడిద రంగులోకి మారిందంటే టైల్ దాటి సిమెంటులోకి వచ్చినట్టు. అప్పుడు టైల్ బిట్ తీసేసి 6 మిల్లీమీటర్ల మామూలు గోడ బిట్ పెట్టాలి. ఇటుకైతే చాలాసార్లు హ్యామర్ లేకుండానే దిగుతుంది. కాంక్రీటు తగిలితే హ్యామర్ తప్పదు. అప్పుడు కూడా సన్నటి బిట్ పెద్ద రంధ్రంలో తిరుగుతుంది కాబట్టి టైల్ అంచును తాకదు.

సిమెంటు, ప్లాస్టరు కలిపి చూస్తే ఇటుక చాలా ఇళ్ళలో టైల్ పైనుంచి అంగుళం పైనే లోపల ఉంటుంది. రాడ్‌తో వచ్చే పొట్టి స్క్రూలు ఒక్కోసారి అక్కడికి చేరవు. తడి తువ్వాళ్ళ బరువుకు కొన్నాళ్ళకే బ్రాకెట్ ఊడి వస్తుంది. 50 మిల్లీమీటర్ల స్క్రూలు తీసుకుని, రంధ్రం దానికన్నా కాస్త లోతుగా వెయ్యాలి. ఎంత లోతు కావాలో బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే చాలు.

డ్రిల్లింగ్‌లో పగలని టైల్ కొన్నిసార్లు స్క్రూ బిగించేటప్పుడు పగులుతుంది. ప్లగ్ పని ఉబ్బి గోడను పట్టుకోవడం. అది టైల్ మందంలోనే ఉండిపోతే ఉబ్బి టైల్‌నే చీలుస్తుంది. అందుకే పొడి ఊది పారేసి, ప్లగ్‌ను టైల్ వెనక్కి పోయేదాకా స్క్రూ మొనతో లోపలికి నెట్టాలి. టైల్‌లో రంధ్రం పెద్దది వేసింది కూడా ఇందుకే. లోపలికి నీరు దిగకుండా రంధ్రంలో కొంచెం సిలికాన్ నింపి బ్రాకెట్ పెట్టి, స్క్రూను మిషన్‌తో కాకుండా చేత్తో బిగించాలి. బ్రాకెట్ కదలడం మానగానే ఆపేయాలి.

మొదటి బ్రాకెట్ బిగించాకే రాడ్ పెట్టి, రసమట్టం చూసి రెండోదాన్ని గుర్తించడం మంచిది. టైల్స్ వరసను నమ్మితే, అవి వంకరగా ఉన్నచోట రాడ్ కూడా వంకర అవుతుంది.

ఇదంతా సిరామిక్ గోడ టైల్ సంగతి. విట్రిఫైడ్ టైల్ మొత్తం గట్టిది. బల్లెం మొన దాని మీద త్వరగా మొద్దుబారి వేడెక్కుతుంది, పొడి రాదు. అలాంటి చోట గొట్టంలా ఉండే డైమండ్ బిట్ వాడాలి. దాన్ని మొదట కాస్త వాల్చి గీతలా పట్టు చేసుకుని, నెమ్మదిగా నిటారుకు తేవాలి.