అమ్మేసిన ఫ్రిజ్‌కి ఆగని ఫోన్లు

“అన్నా, ఫ్రిజ్ ఉందా? మీ అపార్ట్‌మెంట్ కిందే ఉన్నా” అని ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆ ఫ్రిజ్ అమ్మేసి రెండేళ్లయింది. పాపం, ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడా కుర్రాడు. కిందికి దిగి అతని ఫోన్‌లో చూస్తే నా ప్రకటనే. ఫ్లాట్ నెంబరు, నా ఫోన్ నెంబరు, ‘సాయంత్రం ఆరు తర్వాతే ఇంట్లో ఉంటాం’ అన్న మాట. పగలంతా ఇంటికి తాళం ఉంటుందని చదివినవాళ్లకి తెలిసిపోతుంది. భయం వేసింది.

అమ్మిన రోజే Mark as sold నొక్కాను. చాలా సైట్లలో దాని అర్థం సరుకు అమ్ముడైందని గుర్తు పెట్టడమే. పేజీ, అందులోని నెంబరు పోవు. పైగా అతను చూసింది నేను ప్రకటన ఇచ్చిన చోట కాదు, అక్కడివి ఎత్తి పెట్టుకునే మరో సైట్‌లో.

అప్పటినుంచి వస్తువు అమ్మగానే ముందు ప్రకటన లింకు కాపీ చేసి దాచుకుంటున్నాను. కొన్నవాళ్లతో చాటింగ్, డబ్బు ముట్టిన ఆధారం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను. ఆ తర్వాత Edit నొక్కి నెంబరు, చిరునామా చెరిపేసి, ఫొటోలు తీసేసి సేవ్ చేస్తాను. ఆఖరున Delete. నేరుగా తీసేస్తే చాలదా అంటే, కొన్ని సైట్లు పేజీని దాచిపెడతాయే తప్ప చెరపవు. ఖాళీ చేసి తీసేస్తే దాచిన పేజీలోనూ మన వివరాలు కనిపించే అవకాశం తక్కువ. ఫేస్‌బుక్ గ్రూపుల్లో విడిగా పెట్టిన పోస్టులు ఉంటే వాటినీ తీసేయాలి.

వారం పోయాక గూగుల్‌లో నా నెంబరు వెతుకుతాను: పది అంకెలు కలిపి ఒకసారి, ఐదైదుగా విడదీసి ఒకసారి, ముందు +91 పెట్టి ఇంకోసారి. పేజీ పోయినా గూగుల్‌లో పాత ముక్క కనిపిస్తుంటే Refresh Outdated Content అనే గూగుల్ పేజీలో ఆ లింకు ఇవ్వాలి. దాచిన లింకు పనికొచ్చేది ఇక్కడే. అసలు పేజీలో నెంబరు ఇంకా అలాగే ఉంటే మాత్రం ఇది పనిచేయదు. ఎత్తి పెట్టుకున్న సైట్‌కే రాయాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఇలాంటి వేదికలు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైట్‌లో పెట్టాలి. నేను రాసిన చోట నుంచి జవాబు రాలేదు. మూడోసారి రాశాక పేజీ మాయమైంది.

మా నాన్నగారి స్కూటర్ ప్రకటన మాత్రం ఇంకా తీయలేకపోతున్నాం. అందులో ఉన్నది ఆయన వదిలేసిన సిమ్ నెంబరు. ఆపేసిన నెంబర్‌ని కంపెనీలు 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వొచ్చు. ఆ ఖాతా తెరవాలంటే ఓటీపీ ఆ నెంబరుకే వెళ్తుంది. ఇప్పుడది ఖమ్మంలో ఓ అమ్మాయి దగ్గరుంది. స్కూటర్ ఉందా అని ఆమెకే ఫోన్లు వస్తున్నాయి. సిమ్ మార్చే ముందే ఆ ఖాతాలోకి ఒకసారి వెళ్లి ఉండాల్సింది.