లాప్‌టాప్ బిల్లు ఏ లెడ్జర్‌లోకి?

బీకాం అయిపోయి అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి వచ్చేవాళ్లలో చాలామంది గోల్డెన్ రూల్స్ గడగడా అప్పజెబుతారు. పని తెలిసిన అకౌంటెంట్‌కు అది చాలదు. ఒక బిల్లు ముందు పెట్టి ఎంట్రీ చెప్పమంటే అసలు సంగతి బయటపడుతుంది.

విజయవాడలో ఒక సంస్థ ఆఫీసు వాడకానికి అదే ఊళ్లో లాప్‌టాప్ కొన్నదనుకుందాం. ధర 50,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 9,000, మొత్తం 59,000. డబ్బు ఇంకా కట్టలేదు.

కొన్నాం కాబట్టి పర్చేజెస్ డెబిట్ అని తొందరపడితే దొరికిపోయినట్టే. లాప్‌టాప్‌లు అమ్మే దుకాణానికైతే అది సరుకు, పర్చేజెస్‌లోకి వెళ్తుంది. ఆఫీసులో వాడుకునే వాళ్లకు అది ఆస్తి. కాబట్టి కంప్యూటర్స్ ఖాతాకు 50,000, ఇన్‌పుట్ సీజీఎస్టీకి 4,500, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీకి 4,500 డెబిట్ చేసి, అమ్మినవారి ఖాతాకు 59,000 క్రెడిట్ చేయాలి. కట్టాల్సిన జీఎస్టీలో ఆ 9,000 తగ్గించుకుంటాం గనుక తరుగుదలను 50,000 మీదే లెక్కిస్తాం. పన్ను మీద క్రెడిటూ తీసుకుని తరుగుదలా చూపడం కుదరదు.

ఇక పన్ను ప్రశ్న. అదే లాప్‌టాప్‌ను హైదరాబాద్ వ్యాపారి విజయవాడకు పంపితే? హైదరాబాద్ మనకు కొత్త ఊరేం కాదు గానీ, జీఎస్టీ లెక్కలో పక్క రాష్ట్రమే. అప్పుడు రెండు ముక్కలుండవు, 9,000 మొత్తం ఐజీఎస్టీ.

చివరికి కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. కొనుగోళ్ల జాబితాను పోర్టల్లోని జీఎస్టీఆర్-2బితో సరిపోల్చమంటారు. బిల్లు నంబరు ఒక్కటే పట్టుకుని VLOOKUP వేయడం మామూలుగా జరిగే పొరపాటు. 101 నంబరు బిల్లు ఇద్దరు వ్యాపారుల దగ్గరా ఉండొచ్చు. ఫార్ములా మాత్రం మొదట కనబడ్డదాన్నే తెచ్చి ఇస్తుంది. తప్పు జరిగిందని షీటు చెప్పదు. అందుకే A గడిలోని జీఎస్టీ నంబరునూ B గడిలోని బిల్లు నంబరునూ రెండు షీట్లలోనూ C గడిలో కలపాలి, తర్వాత వెతకాలి:

```
=TRIM(A2)&"|"&TRIM(B2)
=VLOOKUP(C2,Sheet2!C:D,2,FALSE)
```

TRIM నంబరుకు ముందూ వెనకా చేరిన ఖాళీలను తీసేస్తుంది. FALSE లేకపోతే దగ్గరగా ఉన్న మరో బిల్లు తగులుకోవచ్చు. ఒకచోట 045, మరోచోట 45 అని ఉంటే మాత్రం కంటితో చూసి దిద్దాల్సిందే.

ఇన్ని చేసినా #N/A వస్తే ఏం చేస్తావని అడుగుతారు. తడుముకోకుండా చెప్పాల్సింది ఇదే: అమ్మినవారికి ఫోన్ చేసి జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపారో లేదో కనుక్కుంటాను, 2బిలోకి వచ్చేదాకా క్రెడిట్ తీసుకోను. అందుకు గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది.