తుప్పు మీద నిలిచి, జింకు మీద ఊడిన రంగు

అమలాపురం దగ్గర మా మేనమామ ఇంటి వెనక ఒక రేకుల వంటిల్లు ఉంది. 1996 నవంబరు తుపానుకి తాటాకు కప్పు ఎగిరిపోయాక వేయించిన జింకు రేకులవి. కొన్నేళ్ల కిందట తుప్పు కనిపిస్తోందని వాటి మీద పచ్చ ఎనామిల్ పెయింటు వేయించాం. రెండో వానాకాలం దాటేసరికి అది అరటి పట్టలా పొరలు పొరలుగా లేచిపోయింది. రెండేళ్ల కిందట సంక్రాంతి వెళ్లాక, ఈసారైనా పని సరిగ్గా చేద్దామని ఊళ్లో అనుభవమున్న ఒక పెయింటర్‌ను పిలిచి, నిచ్చెన వేసి కప్పు చూపించాం. ఆయన ఊడిన చోట వేలు పెట్టి అన్నాడు:

"ఆయ్, ఇది చూశారాండి? తుప్పు ఉన్నచోట రంగు అతుక్కునే ఉంది. రేకు తెల్లగా బాగున్నచోటే ఊడిపోయింది."

నిజమే. మేమంతా తుప్పునే శత్రువనుకున్నాం. రంగును ఓడించింది మాత్రం బాగున్న జింకు.

జింకు రేకు అంటే పైనా కిందా పల్చటి జింకు పూత ఉన్న ఉక్కు రేకు. వంకీల రేకుకు 1829లో లండన్‌లో హెన్రీ పామర్ పేటెంటు తీసుకుంటే, ఇనుముకు జింకు పూసే పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సోరెల్ తీసుకున్నాడు. ఆ రెండూ కలిశాకే రేకు కప్పు ఊరూరా ఎక్కింది. రేకు మీద గీత పడి ఉక్కు బయటపడినా, పక్కనున్న జింకు ముందు తాను అరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. అందుకే కొత్త రేకు మీద తుప్పు చాలా ఏళ్ల వరకు కనపడదు. జింకు పూర్తిగా అరిగిన చోటే ఎర్రటి తుప్పు మొదలవుతుంది. కాబట్టి పాత కప్పు అంతా ఒకటే లోహం కాదు. కొంత జింకు, కొంత ఉత్త ఉక్కు, కొంత తుప్పు. ఈ మూడింటికీ ఒకే డబ్బాలోంచి ఏదో ఒకటి పూసేస్తే మా పచ్చ రంగుకు పట్టిన గతే పడుతుంది.

ఎనామిల్ పెయింటు నూనె ఆధారంగా తయారయ్యేది. జింకు మీద తేమ చేరితే అక్కడ కొంచెం క్షార గుణం పుడుతుంది. నూనె, క్షారం కలిస్తే ఏమవుతుందో సబ్బు చేసేవాళ్లందరికీ తెలుసు. పెయింటుకూ రేకుకూ మధ్య అలాంటి జింకు సబ్బు పొర ఒకటి తయారై, పైనున్న రంగును రేకు నుంచి విడదీస్తుంది. పైకి చూస్తే రంగు బాగానే ఉంటుంది. గోటితో అంచు లేపితే కాగితంలా వచ్చేస్తుంది. మనవాళ్లు ఇనుము అనగానే పూసే రెడ్ ఆక్సైడు ప్రైమరు కూడా సాధారణంగా ఇదే జాతి. కిటికీ ఊచలకు, గేట్లకు అది బాగా పనిచేస్తుంది. జింకు మీద మాత్రం దానికీ ఇదే గతి.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. కప్పు మీదున్నవి బూడిద రంగు సిమెంటు రేకులైతే వాటిని బ్రష్షుతో గీకకండి. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. నేను చెప్పేదంతా ఉక్కు రేకుల సంగతి. వాటి మీదున్న పాత రంగులోనూ సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి గీకేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

మొదట లోపల్నుంచి చూశాం. మధ్యాహ్నం వంటింటి తలుపులు మూసి చీకటి చేస్తే చిల్లులన్నీ చుక్కల్లా మెరుస్తాయి. ప్రతి చుక్క చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెట్టాం. తర్వాత పైన స్క్రూడ్రైవరు మొనతో తుప్పు మచ్చల్ని నొక్కి చూశాం. గట్టిగా తగిలితే ఆ తుప్పు పైపైనే ఉన్నట్టు. మొన దిగిపోతే అక్కడ రేకు లేనట్టే, ఎంత రంగు వేసినా దండగ. పడమటి వైపు కొబ్బరి చెట్టు కింద రెండు రేకులు అలాగే పోయాయి. రాలిన మట్టలు, ఆకులు రేకు కాలువల్లో చేరి వారాల తరబడి తడిని పట్టి ఉంచడమే కారణం. ఆ రెండింటినీ మార్చేశాం. పుచ్చిన రేకుకు మాసికలు వేయడం కంటే మార్చడమే చవక.

పైన నడిచేటప్పుడు బోల్టుల వరస మీదే అడుగు వేయాలి. కింద దూలం ఉండేది అక్కడే. మేం రెండు దూలాల మీదికి ఆనేలా పొడవాటి పలక వేసి, దాని మీద కూర్చుని పని చేశాం. నడుముకు తాడు కట్టుకోవడం పెయింటర్‌కు ఇష్టం లేదు. మామయ్య ఒప్పుకోలేదు, కట్టించాడు.

తుప్పు ఎక్కువగా ఉండేది మనకు కనపడని చోటే. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కిన అతుకులో నీళ్లు సన్నటి సందు పట్టి పైకి పాకుతాయి, అక్కడే నిలిచిపోతాయి. బయటి నుంచి చూసి బాగుందనుకున్న అతుకులు, బోల్టులు వదులు చేసి చెక్క మేకు దూర్చి ఎత్తి చూస్తే లోపల పెచ్చులు పెచ్చులుగా ఉన్నాయి. వాటిని లోపలి దాకా గీకి, రెండు ముఖాలకూ ప్రైమరు వేసి, మధ్యలో బ్యూటైల్ టేపు పెట్టి మళ్లీ బిగించాం. మొత్తం పనిలో సగం శ్రమ ఇక్కడే అయింది. చాలామంది పెయింటర్లు వదిలేసేదీ ఇక్కడే.

తుప్పు గీకడానికి ముందు స్క్రేపరుతో పెచ్చులు రాల్చి, తర్వాత వైర్ బ్రష్షు, చివరికి ఎమరీ పేపరు. తిరిగే మిషను బ్రష్షు పెడితే పని త్వరగా అవుతుంది కానీ, తుప్పుతో పాటు పక్కనున్న మంచి జింకునూ గీకేస్తుంది. అందుకే మిషను మచ్చల వరకే. మిగతాచోట చేత్తో, ఊడుతున్న పాత రంగు వరకే గీకాం. గట్టిగా అంటుకుని ఉన్న రంగును ఉంచి, దాని అంచును నున్నగా రుద్దాం. మెరిసే ఉక్కు బయటపడేదాకా గీకనక్కర్లేదు. పొడి రాలడం ఆగి, అరచెయ్యి రుద్దితే ఎర్రగా అంటకపోతే చాలు. గుంటల్లో మిగిలే తుప్పు మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాయవచ్చు. అది తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది. దాన్ని తుప్పు మీదే రాయాలి, జింకు మీద పారించకూడదు. మిగిలినది కడిగెయ్యాలి.

ఆ తర్వాత కడగడం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రేకు మీద కంటికి కనపడని ఉప్పు ఉంటుంది. అది రంగు కింద ఉండిపోతే పొరలోంచి తేమను లాగి పొక్కులు లేపుతుంది. మంచినీళ్లు పోస్తూ మెత్తటి బ్రష్షుతో రెండుసార్లు కడిగాం. ఉప్పునీటి బోరు ఉన్నవాళ్లు ఆ నీళ్లు వాడితే కడగనట్టే లెక్క.

సూదిమొనంత చిల్లులకు ఎపాక్సీ ముద్ద చాలు. వేలెడంత చిల్లు ఉంటే అదే వంకీ ఉన్న రేకు ముక్కను చుట్టూ ఆరంగుళాలు ఎక్కేలా కోసి, అడుగున సీలెంటు పెట్టి రివిట్లు కొట్టాలి. ఇక్కడ ఒక పొరపాటు జరిగేదే. నేను తెచ్చిన సిలికాన్ ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వచ్చింది. ఆ రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది జింకును తింటుంది. వెనక్కిచ్చి, న్యూట్రల్ అని రాసి ఉన్నది తెచ్చాను.

ప్రైమరుగా రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ తీసుకున్నాం. జింకు మీదికీ, చేత్తో శుభ్రం చేసిన ఉక్కు మీదికీ పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే ఎంచుకున్నాం. కలిపాక కొన్ని గంటల్లో గట్టిపడిపోతుంది కాబట్టి పూటకు సరిపడానే కలపాలి. అంత ఖర్చు వద్దనుకుంటే తుప్పు మచ్చల మీద మాత్రం రెడ్ ఆక్సైడు వేసి, తెల్లగా ఉన్న చోటంతా జింకు కోసం చేసిన అక్రిలిక్ ప్రైమరు వేసుకోవచ్చు. మొదట మచ్చలకు, అంచులకు, బోల్టుల చుట్టూ చిన్న బ్రష్షుతో ఒక పూత వేశాం. అది ఆరాక కప్పంతా ఇంకో పూత. గీకిన చోటుకు అదే రోజు ప్రైమరు పడాలి. మా వైపు గాలికి రాత్రికి రాత్రే లేత నారింజ రంగు తుప్పు మళ్లీ పూస్తుంది. అందుకే కప్పంతా ఒకేసారి గీకకుండా రోజుకు మూడు రేకులు పెట్టుకున్నాం.

వేళ కూడా చూసుకోవాలి. ఆ నెలలో పొద్దున ఎనిమిదింటి దాకా రేకు మీద మంచు తడి ఉంటుంది. మధ్యాహ్నం రేకు కాలిపోతుంది, పైపొర ముందే ఆరిపోయి లోపలి థిన్నరు బుడగలు లేపుతుంది. అరచెయ్యి ఆనించి ఉంచగలిగినంత వేడిలోనే పెయింటు వేశాం. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఒక పూట. సాయంత్రం మంచు దిగకముందే ఆరాలి కాబట్టి నాలుగున్నరకే ఆపేసేవాళ్లం.

లెక్క చెబుతాను. వాలు కొలత మీద మా కప్పు 300 చదరపు అడుగులు. వంకీల వల్ల పెయింటు పడే వైశాల్యం ఇంకో ఎనిమిదో వంతు పెరిగి దాదాపు 340 అవుతుంది. గుంటలు పడ్డ రేకు మీద ప్రైమరు లీటరుకు 70 చదరపు అడుగులకు మించి రాలేదు, అంటే అయిదు లీటర్లు. పైన లోహానికి పనికొచ్చే తెల్ల అక్రిలిక్ రెండు పూతలకు ఎనిమిది లీటర్లు. ఎపాక్సీని ఎండకు వదిలేస్తే సుద్దలా పొడి రాలుతుంది కాబట్టి పై పూత తప్పదు. ప్రైమరు వేసి చాలా రోజులు గడిస్తే మాత్రం ఎమరీతో తేలిగ్గా రుద్దాకే పై పూత వేయాలి. తెలుపు ఎంచుకున్నది మా అత్తయ్య. కింద వంట చేసేది ఆవిడే మరి.

బోల్టులకు కొత్త తారు వాషర్లు వేయడం చివర్లో పెట్టుకున్నాం. తెచ్చినవి నాలుగు తక్కువయ్యాయి. చీకటి పడుతోందని ఆ నాలుగింటికి పాతవే బిగించేశాం. మొన్న దీపావళికి, రెండు వానాకాలాలు గడిచాక ఎక్కి చూశాను. జింకు మీద రంగు ఎక్కడా లేవలేదు. ఎర్రటి చారలు మూడు చోట్ల దిగాయి. మూడూ ఆ పాత వాషర్ల కిందే.