ఎనిమిది మందిలో ఆరుగురున్నా ఆగిపోయిన క్లినిక్

ఆగస్టు నెల, సోమవారం. జ్వరాల కాలం కావడంతో పొద్దున తొమ్మిదికే వరండా నిండిపోయింది. నేను లెక్కలూ సిబ్బందినీ చూసుకునే ఆ పిల్లల క్లినిక్‌లో పనిచేసేది ఎనిమిది మంది. ముగ్గురు సిస్టర్లు, ఓపీ చీటీలు రాసే ఇద్దరు, ఒక ల్యాబ్ టెక్నీషియన్, పక్కనే ఉన్న మా మందుల షాపులో ఒక ఫార్మసిస్టు, ఆయనకో సహాయకుడు. ఆ రోజు సెలవులో ఉన్నది ఇద్దరే. ఒక సిస్టర్ ఊరెళ్లింది, ఫార్మసిస్టు బావమరిది ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లాడు. ఇద్దరూ అడిగే వెళ్లారు, ఇద్దరికీ ఒప్పుకున్నాం. ఎనిమిది మందిలో ఆరుగురున్నారు కదా, ఇబ్బందేముంటుందనుకున్నాను.

మందుల షాపు దగ్గర మొదటి చీటీ రాగానే తెలిసింది. డాక్టరు రాసిచ్చే మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలని డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాలు చెబుతాయి. సహాయకుడికి ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేంత అనుభవముంది, కానీ సర్టిఫికెట్ లేదు. షాపు మూయక తప్పలేదు. జ్వరంతో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకుని తల్లులు బజారుకు నడిచారు. పదింటికి ఇంకో ఫోను వచ్చింది. ఉన్న ఇద్దరు సిస్టర్లలో ఒకరి పాపకు వాంతులు, వెంటనే ఇంటికి వెళ్లాలి. డాక్టరు గదిలో ఒకరు, ఇంజెక్షన్ల గదిలో ఒకరు ఉంటే తప్ప నడవని చోట ఒక్కరే మిగిలారు. మధ్యాహ్నం రెండున్నర దాకా పిల్లలు ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆ ఇద్దరి సెలవుల్లో దేనికీ తప్పు పట్టలేం. తప్పల్లా మేము లెక్కపెట్టిన పద్ధతిలో ఉంది. మేము మనుషుల్ని లెక్కపెట్టాం, పనుల్ని లెక్కపెట్టలేదు. ఎవరు రావడం లేదో రాసుకున్నాం, ఏ పనికి ఎవరు మిగులుతారో రాసుకోలేదు.

ఆ సాయంత్రమే ఒక కాగితం మీద పనుల వారీగా గీత గీశాను. క్లినిక్ తలుపు తెరిచి ఉన్నంతసేపూ సిస్టర్లు కనీసం ఇద్దరు, చీటీల దగ్గర ఒకరు, ల్యాబ్‌లో ఒకరు, సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్టు ఒకరు ఉండాలి. ఉన్నవాళ్లలోంచి ఈ కనీసాన్ని తీసేస్తే మిగిలేదే మనం సెలవుగా ఇవ్వగలిగింది. సిస్టర్లలో ఒకరికి, చీటీల దగ్గర ఒకరికి ఇవ్వొచ్చు. ల్యాబ్‌లో సున్నా, ఫార్మసీలో సున్నా. మూడేళ్లుగా అందరికీ సెలవులిస్తున్నామనుకున్నాం గానీ, ఆ చివరి ఇద్దరికీ ఇచ్చిన ప్రతి సెలవూ లేని చోటు నుంచి ఇచ్చిందే.

అసలు ఏడాదికి ఎన్ని సెలవులు వస్తాయో కూడా అప్పుడే కూర్చుని లెక్కేశాను. మన రెండు రాష్ట్రాల్లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి మరుసటి ఏడాది 15 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. అది కాక అనారోగ్యానికి 12, సాధారణ సెలవు 12. మొత్తం 39. మా క్లినిక్‌లోనూ ఇదే లెక్క పాటిస్తాం. ఎనిమిది మందికి 39 చొప్పున 312 రోజులు. ఆదివారాలు తీసేస్తే ఏడాదిలో మేము తెరిచేది 313 రోజులు. అంటే అందరూ తమ సెలవులన్నీ వాడుకుంటే, సగటున ప్రతిరోజూ ఎవరో ఒకరు ఉండరు. సెలవు ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బంది అనుకోవడమే పొరపాటు. అది రోజూ ఉండేదే, కాబట్టి రోజువారీ ఏర్పాటులోనే దానికి చోటుండాలి.

సిస్టర్ల సంగతి విడిగా చూడండి. ముగ్గురికీ కలిపి ముందే చెప్పి తీసుకునే సెలవులు 81, అనారోగ్యానివి 36. ఈ 36 రోజులు ఏ తేదీన వస్తాయో ఎవరూ చెప్పలేరు. ఒక్కరికే ఇచ్చే వీలున్న చోట ఆ ఒక్క ఖాళీని ముందే ఇచ్చేస్తే, అదే రోజు ఇంకొకరికి జ్వరమొస్తే క్లినిక్ కనీసానికి దిగువకు పడుతుంది. అందుకని రద్దీ రోజుల్లో, అంటే సోమవారాలూ పండగ సెలవు మర్నాడూ, ముందుగా అడిగినా సెలవివ్వకూడదని పెట్టుకున్నాం. ఆ ఖాళీ హఠాత్తుగా రాలేకపోయేవాళ్ల కోసం. మిగతా రోజుల్లో ఒక్కరికి ఇస్తాం. సోమవారాలు పోగా మిగిలే 261 రోజుల్లో 81 సెలవులు సులువుగానే సర్దుకుంటాయి. అలాంటి మామూలు రోజున రెండోవారు కూడా రాలేకపోతే పిలవడానికి ఒకరు కావాలి. రెండు వీధుల అవతల, పసిబిడ్డ కోసం ఉద్యోగం మానేసిన ఒక సిస్టర్ ఉండేది. పూటకింతని ముందే మాట్లాడుకుని, ఆమె నంబరు క్యాలెండరు మీదే రాసి పెట్టాం.

సెలవుల పుస్తకం మూసేసి క్యాలెండరుకు మారాం. నేను గూగుల్ షీట్ వాడాను. Leave అనే షీటులో ఒక్కో సెలవుకు ఒక్కో వరుస: పేరు, పని, మొదటి రోజు, చివరి రోజు, స్థితి. ఇంకో షీటులో ఏడాది తేదీలన్నీ నిలువుగా. ప్రతి తేదీ పక్కన, ఆ రోజు ఎంతమంది సిస్టర్లు ఉంటారో ఈ సూత్రం చెబుతుంది:

```
=3-COUNTIFS(Leave!$B:$B,"Sister",Leave!$C:$C,"<="&$A2,Leave!$D:$D,">="&$A2,Leave!$E:$E,"<>Rejected")
```

ఆ తేదీకి ముందో, అదే రోజో మొదలై, అదే రోజో ఆ తర్వాతో ముగిసే సెలవులన్నింటినీ లెక్కపెట్టి ముగ్గురిలోంచి తీసేస్తుందిది. జవాబు 2 కంటే తగ్గితే గడి ఎర్రబడేలా రంగు పెట్టాను, సోమవారాల్లో 3 కంటే తగ్గితే. ఒక్కో పనికి ఒక్కో నిలువు గడి. "మొత్తం ఎంతమంది" అనే గడి కావాలనే పెట్టలేదు. మమ్మల్ని మోసం చేసింది ఆ అంకే.

ఒక జాగ్రత్త మాత్రం దెబ్బ తిన్నాకే తెలిసింది. షీటు దేశం అమరిక అమెరికాది అయితే, మనం 5/8 అని కొడితే అది మే 8 అనుకుంటుంది. 13/8 అంటే అసలు తేదీ కాదనుకుని వట్టి అక్షరాలుగా ఉంచేస్తుంది, సూత్రం దాన్ని లెక్కలోకి తీసుకోదు. గడి ఎర్రబడదు, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. గుర్తుపట్టడం తేలికే: సరైన తేదీ గడిలో కుడివైపుకు జరిగి ఉంటుంది, అక్షరాలైతే ఎడమవైపు ఉంటాయి. File లో Settings తెరిచి Locale దగ్గర India అని పెడితే ఆ బాధ పోతుంది. కంప్యూటరు లేని షాపులో గోడ క్యాలెండరు చాలు. తేదీ గడిలో లేనివాళ్ల పేర్లకు బదులు మిగిలేవాళ్ల పేర్లు రాయండి.

సూత్రంలో చివరి మాట చూశారా? కాదన్నవి తప్ప అన్నీ లెక్కలోకి వస్తాయి, ఇంకా తేల్చనివి కూడా. దీనికి కారణం మనం రోజూ వాడే ఒక మాట. ఎవరైనా సెలవడిగితే "చూద్దాంలే" అంటాం. అన్నవారికి అది వాయిదా, విన్నవారికి అది సరే. ఒకే శుక్రవారానికి ఇద్దరితో "చూద్దాంలే" అంటే ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కుంటారు. అడిగిన క్షణం నుంచే ఆ ఖాళీ అడిగినవారి పేరున ఆగి ఉండాలి, రెండోవారికి అది కనబడాలి. రెండు రోజుల్లో అవునో కాదో చెప్పేయాలి. డాక్టరుగారు వరండాలో నడుస్తూ "వెళ్లిరావయ్యా" అని ఒప్పుకోవడం కూడా అప్పటితో ఆపించాం. ఒప్పుకునేది ఎవరైనా, క్యాలెండరు చూసి, అందులో రాసి ఒప్పుకోవాలి. ఆయనకు మొదట్లో కష్టంగానే ఉండేది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష శ్రావణమాసంలో వచ్చింది. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం. ముగ్గురు సిస్టర్లకూ ఇంట్లో వ్రతముంది, ముగ్గురూ పొద్దున పూట రాలేమన్నారు. ఇచ్చే వీలున్నది ఒక్కరికి. ముందొచ్చినవారికే అంటే, పెద్ద సిస్టర్‌కే ఏటా దక్కుతుంది, ఆమెకు పంచాంగం చూసుకునే అలవాటుంది. అందుకని పండగ సెలవులకు వేరే పద్ధతి పెట్టాం. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే వ్రతాలూ పండగలూ పెళ్లి ముహూర్తాలూ క్యాలెండరు మీద గుర్తు పెట్టేస్తాం. ఫలానా తేదీలోపు అందరూ తమకు కావలసినవి చెప్పాలి, ఆ తర్వాతే ఒకేసారి తేలుస్తాం. పోయినేడు ఎవరికి దక్కిందో పక్కనే రాసి ఉంటుంది, వాళ్లు ఈ ఏడు చివర నిలబడతారు.

ఆ ఏడు చిన్న సిస్టర్‌కు వచ్చింది. పెద్ద సిస్టరే అంది, "సార్, ఆ శుక్రవారం కుదరకపోతే శ్రావణంలో ఇంకో శుక్రవారం చేసుకోవచ్చు, మా అత్తగారు అలా చేసినవే ఉన్నాయి. నాకు తర్వాతి వారం ఇవ్వండి." రెండో ఆమె ఆ పై వారం తీసుకుంది. మూడు శుక్రవారాలూ పొద్దున పూట ఇద్దరిద్దరు ఉన్నారు. సెలవును పూటలుగా విడగొట్టడం వల్లే ఇది కుదిరింది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట ఒక పూట, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది ఒక పూట. క్యాలెండరులో ప్రతి తేదీకీ రెండు వరుసలు. వ్రతం చేసుకున్నామె సాయంత్రం తాంబూలం పొట్లాలతో డ్యూటీకి వచ్చింది.

ఫార్మసిస్టు దగ్గర మాత్రం ఏ సర్దుబాటూ పనిచేయలేదు. ఒకరిలోంచి ఒకరిని తీసేస్తే సున్నా. ఆయన సెలవు పెట్టిన 39 రోజులూ గడి ఎర్రగానే ఉంటుంది. తేదీలు ఎంత అటూఇటూ జరిపినా లేని మనిషి రాడు. కానీ ఆ ఎర్రగడులు ఏడాదికి ఎన్నో కనబడేసరికి డాక్టరుగారితో డబ్బుల మాట మాట్లాడగలిగాను. ఊళ్లోనే పదవీ విరమణ చేసిన ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టును రోజువారీగా ఒప్పించాం. ముందే తెలిసే 27 రోజులకూ తేదీ ఖాయం కాగానే ఆయనకు కబురు పెడతాం. ఆయన వస్తానన్నాకే మా ఫార్మసిస్టు సెలవు స్థితి Approved అవుతుంది, అప్పటిదాకా Pending. అనారోగ్యం రోజున ఆయనా దొరక్కపోతే షాపు మూసే ఉంచుతాం. అలాంటప్పుడు, దగ్గర్లో ఏ షాపు తెరిచి ఉందో ఓపీ చీటీ మీదే రాసిస్తారు. పిల్లను ఎత్తుకుని తల్లి వెతుక్కోకుండా.

ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం, క్లినిక్ మూసే ముందు, రాబోయే రెండు వారాల గడులు పెద్ద సిస్టరూ నేనూ కలిసి చూస్తాం. ఐదు నిమిషాల పని. ఎక్కడైనా 2 ఉంటే ఆ రోజుకు పిలవాల్సిన సిస్టర్‌కు అప్పుడే ఫోను చేసి, ఊళ్లో ఉంటుందో లేదో కనుక్కుంటాం.